అద్దె ఇంట్లో గోడకు రంగు, గదికి వార్డ్‌రోబ్: ఓనర్‌ని అడగడం గురించి బెంగళూరు తెలుగువాళ్ళ ప్రశ్నలు, జవాబులు

బెంగళూరులో అద్దెకుంటున్న మనవాళ్ళు ఇల్లు మారిన ప్రతిసారీ దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది విడిగా చదువుకోవచ్చు. అన్నిటి వెనకా ఉన్న సంగతి ఒక్కటే. "ఖాళీ చేసేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చేసి ఇస్తాం" అని అందరూ మాట ఇస్తారు. ఆ "ఉన్నట్టు" అంటే ఏమిటో, అలా చేయకపోతే ఎంత పట్టుకుంటారో రాసుకోని చోటే డిపాజిట్ దగ్గర గొడవలవుతున్నాయి.

## అడగడానికి ముందు

ప్రతి మేకుకీ పర్మిషన్ అడగాలా? దేనికి అడగాలి, దేనికి అక్కర్లేదు?

గోడకు తగలకుండా నేలమీద నిలబడే బీరువా, బట్టల స్టాండు, పుస్తకాల అరలకు ఎవరినీ అడగక్కర్లేదు. గోడ రంగు మార్చడం, డ్రిల్లింగ్ పెట్టి ఏదైనా బిగించడం, అరలకు గానీ అటకకు గానీ తలుపులు పెట్టించడం మాత్రం అడిగి చేయాల్సినవే. క్యాలెండర్ మేకు సంగతి అగ్రిమెంట్‌లో చూసుకోండి. ఇక్కడి అగ్రిమెంట్లు చాలావాటిలో గోడలకు మేకులు కొట్టకూడదని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఉంటే, వార్డ్‌రోబ్ గురించి అడిగేటప్పుడే మేకుల సంగతీ కలిపి అడగండి.

అసలు చట్టం ఏమంటుంది? నేను పెట్టించుకున్న వార్డ్‌రోబ్ నాదేనా, ఓనర్‌దవుతుందా?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ అద్దెకున్నవాళ్ళ హక్కులు, బాధ్యతల గురించి చెబుతుంది. మనకు పనికొచ్చేవి అందులో మూడు. ఓనర్ ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం ఏదీ కట్టకూడదు. మనం బిగించుకున్న వస్తువును తీసుకెళ్ళవచ్చు, కానీ ఇల్లు మన స్వాధీనంలో ఉండగానే తీయాలి, తీశాక ఇంటిని మనకు ఇచ్చిన స్థితిలోనే వదలాలి. వెళ్ళేటప్పుడు ఇల్లు చేరిన రోజు ఉన్నంత బాగా అప్పగించాలి, వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదల మాత్రం మన లెక్కలోకి రాదు.

తాళాలు ఇచ్చేశాక "వచ్చే ఆదివారం వచ్చి వార్డ్‌రోబ్ తీసుకెళ్తా" అంటే మన పట్టు పోయినట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకున్నా, ఆ ఊరి ఆనవాయితీ వేరేగా ఉన్నా ఈ నియమాలు వాటికి లోబడతాయని ఆ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ముందు చదవండి.

ఎప్పుడు అడగాలి? టోకెన్ ఇచ్చేముందా, చేరాకనా?

టోకెన్ ఇచ్చాక, అగ్రిమెంట్ మీద సంతకానికి ముందు. ఆ వారం పది రోజులే మన మాటకు విలువ ఎక్కువ. పాతవాళ్ళు ఖాళీ చేశాక ఓనర్ సాధారణంగా ఇంటికి రంగు వేయిస్తారు. పెయింటర్ అప్పటికే ఇంట్లో ఉంటాడు, గదులు ఖాళీగా ఉంటాయి. "ఈ ఒక్క గదికి తెలుపు బదులు లేత రంగు వేయించండి, తేడా ఏమైనా ఉంటే నేనిస్తాను" అని అప్పుడే అడిగితే అదనపు ఖర్చు చాలా తక్కువ. పైగా ఆ రంగు వేయించింది ఓనరే కాబట్టి, వెళ్ళేటప్పుడు దాన్ని మార్చి ఇవ్వాల్సిన పనే ఉండకపోవచ్చు. ఆ ముక్క మాత్రం మెసేజ్‌లో రాయించుకోండి.

చేరిపోయిన తర్వాతయితే, 11 నెలల అగ్రిమెంట్ రెన్యువల్ చేసుకునేటప్పుడు అడగడం మేలు. అద్దె పెంపు ఒప్పుకుంటున్న రోజున ఓనర్ కూడా మన మాట వినే ధోరణిలో ఉంటారు.

వెళ్ళేటప్పుడు ఎలాగూ ఒక నెల అద్దె పెయింటింగ్ కింద పట్టుకుంటారు కదా, మళ్ళీ నేనెందుకు పాత రంగు వేయించాలి?

బెంగళూరులో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లోంచి ఒక నెల అద్దె పెయింటింగ్ కింద తగ్గించుకోవడం ఇక్కడ చాలాచోట్ల అలవాటు, అగ్రిమెంట్‌లోనూ రాస్తారు. అది ఉండగానే మీరు విడిగా "గోడలు మళ్ళీ తెల్లగా చేసి ఇస్తాను" అని మాట ఇచ్చారంటే, ఒకే పనికి రెండుసార్లు డబ్బు పెడుతున్నట్టు. పర్మిషన్ అడిగే రోజునే దీన్ని తేల్చుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. అద్దె 24,000, డిపాజిట్ 1,20,000, పెయింటింగ్ కోత ఒక నెల అద్దె అనుకుందాం. మీరు 11 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు ఉన్న ఒక్క గోడకు రంగు వేయాలనుకుంటున్నారు. అంటే సుమారు 105 చదరపు అడుగులు. మామూలు ఎమల్షన్ ఒక లీటరుతో ఈ గోడకు దాదాపు రెండు కోట్ల పూత వస్తుంది. తర్వాత దాన్ని తెలుపు చేయాలంటే ఒక కోటు ప్రైమర్, రెండు కోట్లు తెలుపు, ఒక మనిషి ఒక రోజు కూలీ. ఇదంతా కొన్ని వేలల్లో పోతుంది. 24,000 కోత ఎటూ ఇస్తున్నప్పుడు, ఓనర్ వేయించే రెండు కోట్ల రంగు ఈ గోడకీ వస్తుంది. ఓనర్‌కి నిజంగా అదనంగా పడేది ఆ ఒక్క ప్రైమర్ కోటు, రంధ్రాల పూడిక మాత్రమే.

అందుకని నాకు న్యాయంగా తోచేది ఇది. కోత అలాగే ఉండనివ్వండి. "వెళ్ళేటప్పుడు రంగు గోడకు తెల్ల ప్రైమర్ ఒక కోటు వేసి, రంధ్రాలు పూడ్చి ఇస్తాం, పైన వేసే తెల్ల రంగు ఆ నెల అద్దె కోతలోనే వస్తుంది" అని ఒప్పించండి. ఓనర్‌కి నష్టం లేదు, మీకు రెండో ఖర్చు లేదు. అలా కాక ఇల్లంతా మీరే రంగు వేయించి ఇస్తానంటే, కోత ఉండదని అగ్రిమెంట్‌లో మార్పించాకే ఒప్పుకోండి.

## అడిగేటప్పుడు

బ్రోకర్ "ఏం పర్లేదు, వేసుకోండి" అన్నాడు. చాలదా?

చాలదు. బ్రోకర్ గానీ, వాచ్‌మన్ గానీ, అద్దె వసూలు చేసుకునే బంధువు గానీ ఇచ్చిన మాట డిపాజిట్ తిరిగిచ్చే రోజున లెక్కకు రాదు. అగ్రిమెంట్‌లో ఓనర్‌గా ఎవరి పేరుందో వాళ్ళే ఒప్పుకోవాలి. ఓనర్ విదేశంలో ఉండి పవర్ ఆఫ్ అటార్నీ మీద ఇంకొకరు సంతకం పెట్టి ఉంటే, వాళ్ళని అడిగి ఓనర్‌కి కూడా మెసేజ్ కాపీ పంపండి.

ఓనర్ ఆంటీ వాళ్ళు కింద పోర్షన్‌లోనే ఉంటారు. మాట ఎలా మొదలుపెట్టాలి?

ముందు మెసేజ్ పెట్టకండి. కింద ఇంట్లో ఉండేవాళ్ళకి వాట్సాప్‌లో అడిగితే దూరం పెట్టినట్టనిపిస్తుంది. వెళ్ళి కూర్చుని మాట్లాడండి, వీలైతే పైకి పిలిచి ఏ గోడో చూపించండి. మారతహళ్ళి, కె.ఆర్.పురం వైపు ఇంటివాళ్ళు తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. కన్నడ మాత్రమే వచ్చినవాళ్ళయితే భాష వచ్చిన స్నేహితుణ్ణి తీసుకెళ్ళండి, ఎందుకంటే "డ్రిల్లింగ్" అన్న ఒక్క మాట వినగానే గోడంతా పగలగొడతారనుకుని వద్దనేస్తారు.

"ఆంటీ, పిల్లల గదిలో బట్టలకి చోటు సరిపోవట్లేదు. ఆ బండల అరకి తలుపులు పెట్టించుకుందామనుకుంటున్నాం. గోడకి ఎనిమిది స్క్రూలు పడతాయి, నేలకీ బండకీ ఏం చేయం. వెళ్ళేటప్పుడు తీసేసి, పూడ్చి ఇస్తాం. అంకుల్‌తో కూడా ఒక మాట చెప్పి చూడండి." ఇలా ఎన్ని స్క్రూలో, ఎక్కడో చెప్పి అడిగితే భయం తగ్గుతుంది. "కొంచెం ఇంటీరియర్ చేయించుకుంటాం" అని అడిగితే మాత్రం వాళ్ళు పెద్ద పనే ఊహించుకుంటారు.

నోటితో సరే అన్నారు. రాతలో ఏం ఉండాలి? వాట్సాప్ చాలా?

చిన్న పనికి వాట్సాప్ చాలు, ఓనర్ సమాధానం స్పష్టంగా ఉండాలి. బొటనవేలి బొమ్మ కన్నా "సరే, చేసుకోండి" అన్న మాట మేలు. పూర్తి వార్డ్‌రోబ్ అయితే ఒక పేజీ కాగితం మీద ఇద్దరూ సంతకం చేసి అగ్రిమెంట్‌కి జతచేయండి. ఏ పని, ఏ గోడ, ఇప్పుడు ఎలా ఉంది, ఎంతవరకు చేసి ఇస్తాం, చేయకపోతే ఎంతవరకు పట్టుకోవచ్చు అన్న సంగతులు తప్పకుండా ఉండాలి. చివరి అంకె రాయడానికి చాలామంది మొహమాటపడతారు. కానీ హద్దు లేని మాట వల్ల నష్టపోయేది మనమే.

మచ్చుకి ఒకటి ఇస్తున్నాను, ఓనర్ చదివే భాషలోకి మార్చి పంపుకోండి:

"నమస్తే సార్. నిన్న మాట్లాడుకున్నట్టు, రెండో అంతస్తు చిన్న బెడ్‌రూమ్‌లో రెండు పనులకు మీ అనుమతి కోరుతున్నాను. కిటికీకి ఎదురు గోడకు లేత ఆకుపచ్చ ఎమల్షన్. అదే గదిలో బండల అరకు ఫ్రేముతో తలుపులు, పక్క గోడలకు ఎనిమిది స్క్రూలు. ఖర్చు మాదే. ఇప్పటి గోడల ఫొటోలు, వీడియో ఈ మెసేజ్‌తో పంపుతున్నాను. ఖాళీ చేసేటప్పుడు ఫ్రేము తీసి, రంధ్రాలు పూడ్చి, రంగు గోడకు తెల్ల ప్రైమర్ ఒక కోటు వేసి ఇస్తాం. పై రంగు అగ్రిమెంట్‌లో ఉన్న ఒక నెల అద్దె కోతలోనే వస్తుంది. మేం ఇవి చేయకపోతే ఈ రెండు పనుల కింద 4,000 రూపాయలకు మించకుండా అదనంగా తగ్గించుకోవచ్చు. మీకు సమ్మతమైతే సరే అని రాయగలరు."

"చూద్దాంలే" అన్నారు. మొదలుపెట్టేయొచ్చా?

వద్దు. అది ఒప్పుకోలు కాదు. వారం ఆగి, ఇంకాస్త చిన్న పనిగా మార్చి అడగండి: గది బదులు ఒక్క గోడ, ముదురు బదులు లేత రంగు, గోడకు బిగించే వార్డ్‌రోబ్ బదులు నేలమీద నిలబడేది. అయినా వద్దంటే వదిలేయండి. ఎక్కువ నెలల డిపాజిట్ వాళ్ళ చేతిలో ఉండగా చెప్పకుండా పని చేయించడం మనకే ముప్పు.

## పని చేయించేటప్పుడు

ఏ రంగు వేస్తే తర్వాత తేలిగ్గా పోతుంది? పైన వేసిన రంగు పెచ్చులుగా ఎందుకు లేస్తోంది?

లేత రంగయితే ప్రైమర్, ఆపైన రెండు కోట్ల తెలుపుతో మామూలుగా కనబడకుండా పోతుంది. ముదురు నీలం, మెరూన్, ముదురు పసుపు లాంటివి లోపల్నించి తొంగిచూస్తూనే ఉంటాయి, మూడో కోటు కూడా పడుతుంది. మెరుపున్న పెయింట్ వేస్తే ముందు ఇసుక కాగితంతో రుద్దితే తప్ప కొత్త రంగు పట్టదు. అద్దె ఇంటికి మెరుపు తక్కువున్న లేత ఎమల్షన్ మంచిది.

పెచ్చులు లేవడానికి కారణం చాలాసార్లు కింద ఉన్న డిస్టెంపర్ లేదా సున్నం. వేసే ముందు గోడను అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్లపొడి అంటితే, ఆ పొడి పొర మీద వేసిన ఎమల్షన్ గోడను పట్టుకోదు. ముందు గీకి, పొడి తుడిచి, ప్రైమర్ వేశాకే రంగు వేయాలి. గోడ చల్లగా, అక్కడక్కడా ఉబ్బుగా, తెల్లటి ఉప్పులాంటి పూతతో ఉంటే అది చెమ్మ. బాత్రూమ్ పక్క గోడలకీ, వాన కొట్టే బయటి గోడలకీ ఎక్కువగా ఉంటుంది. ఆ గోడ జోలికి వెళ్ళకండి, ఫొటో తీసి ఓనర్‌కి చెప్పండి. మీరు రంగు వేసిన తర్వాత అది ఊడితే తప్పు మీ మీదికే వస్తుంది.

ఇంటి పాత రంగు ఏదో కూడా ఇప్పుడే కనుక్కోండి. ఓనర్ దగ్గర మిగిలిన డబ్బా ఉంటే మూత మీదున్న కంపెనీ, రకం, షేడ్ నంబర్ ఫొటో తీసుకోండి. "తెలుపు" అని మనం అనుకునేవి అంగట్లో ఎన్నో ఉంటాయి.

గదిలో కడప బండలతో కట్టిన అరలున్నాయి, తలుపుల్లేవు. వాటికే తలుపులు పెట్టించడం మంచిదా, కొత్త వార్డ్‌రోబ్ కొనడం మంచిదా?

బెంగళూరు పాత ఇళ్ళలో ఇవి చాలా ఉన్నాయి. వీటికి తలుపులు పెట్టించడం గోడకు తక్కువ గాయం. వడ్రంగి ఆ ఖాళీ చుట్టూ చెక్క లేదా అల్యూమినియం ఫ్రేము కట్టి, పక్క గోడలకు స్క్రూలతో బిగిస్తాడు, తలుపులు ఆ ఫ్రేముకే వేలాడతాయి. బండకు డ్రిల్లింగ్ పెట్టనివ్వకండి, అంచు పెచ్చు లేచిందంటే ఆ బండను మార్చడం తప్ప దారి లేదు. కొలతలు పైన, మధ్యలో, కింద మూడుచోట్లా తీయించండి. ఈ ఖాళీలు నిక్కచ్చిగా మూలమట్టంగా ఉండవు.

ఒక చిక్కు ఏమిటంటే, ఈ తలుపులు తర్వాతి ఇంటికి సరిపోవు. పెట్టిన డబ్బు ఇక్కడే ఉండిపోతుంది. కాబట్టి "తలుపులు ఇక్కడే వదిలేస్తాం, ఖర్చులో సగం మీరు పెట్టండి" అని ముందే అడగండి. ఒకటి రెండేళ్ళకే మారిపోతామనుకుంటే తీగకు కర్టెన్ కట్టుకోవడం చాలు, నిజంగా.

కొత్త వార్డ్‌రోబ్ గోడకు బిగిస్తుంటే ఏం చూసుకోవాలి?

గోడ దేనితో కట్టిందో ముందు తెలుసుకోండి. డ్రిల్ చేసినప్పుడు ఎర్రపొడి వస్తే ఇటుక. తేలిగ్గా దిగిపోతూ తెల్లటి మెత్తని పొడి వస్తే తేలిక బ్లాకు కావచ్చు, దానికి మామూలు ప్లాస్టిక్ ప్లగ్గులు వదులై ఊడొస్తాయి, ఆ బ్లాకుల కోసం చేసినవే వాడాలి. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, కుళాయికి నేరుగా పైనా కిందా డ్రిల్ పెట్టకూడదు, లోపల వైర్లు, పైపులు ఆ వరుసలోనే వెళ్తుంటాయి. నేలమీద నిలబడే వార్డ్‌రోబ్‌కయితే ముందుకు పడిపోకుండా పైన రెండు స్క్రూలు చాలు. పిల్లలున్న ఇంట్లో ఆ రెండూ తప్పనిసరి.

వడ్రంగులు తరచూ చేసే పని ఒకటుంది. గోడ కింద ఉన్న స్కర్టింగ్ టైల్ ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి వార్డ్‌రోబ్ గోడకు ఆనదు. అప్పుడు టైల్‌నే కోసేస్తారు. ఆ టైల్ మళ్ళీ దొరకదు. టైల్ బదులు వార్డ్‌రోబ్ వెనక కాళ్ళ దగ్గర చెక్కనే ఆ మేరకు కోయమని పని మొదలవకముందే చెప్పండి.

పార్టికల్ బోర్డుతో చేసినవి విప్పి మళ్ళీ బిగించిన ప్రతిసారీ స్క్రూ పట్టు తగ్గుతుంది. ఇళ్ళు మారుతూ ఉంటామనుకుంటే ప్లైవుడ్‌తో, భాగాలుగా విడదీసేలా చేయించుకోండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి కూడా చెప్పాలా?

చాలా సొసైటీల్లో చెప్పాలి. డ్రిల్లింగ్ వేళలు, లిఫ్ట్‌లో బోర్డులు ఎక్కించడం, చెత్త తీసేయడం గురించి వాళ్ళ నియమాలుంటాయి. ఓనర్ పంపిన మెయిల్ అడుగుతారు, సిద్ధంగా ఉంచుకోండి.

## ఖాళీ చేసేటప్పుడు

రంధ్రాలు పూడ్చి అక్కడికే తెల్లరంగు వేశాను. మచ్చలు మచ్చలుగా కనిపిస్తోంది, ఎందుకు?

అదే షేడ్ వేసినా పాత రంగు ఎండకు, దుమ్ముకు, చేతులకు మారిపోయి ఉంటుంది, పక్కన కొత్తది వేరుగానే కనిపిస్తుంది. పుట్టీ ఉన్నచోట రంగు ఎక్కువ పీల్చుకోవడం ఇంకో కారణం. వదులుగా ఉన్న ప్లగ్గు లాగేసి, పుట్టీ నింపి, ఎండాక ఇంకోసారి నింపి, ఇసుక కాగితంతో సమం చేయాలి. దాని మీద ప్రైమర్ చుక్క వేసి, ఆ తర్వాత గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా పూర్తిగా రంగు వేయాలి. చివరి రోజుకు పెట్టుకోకండి, పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

మధ్యలో ఓనర్ ఇల్లు అమ్మేశారు. పాతాయన ఇచ్చిన పర్మిషన్ చెల్లుతుందా?

ఇల్లు కొన్నవాళ్ళు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు, కానీ వాళ్ళకి చూపించడానికి మీ దగ్గర రాత ఉండాలి. అమ్మకం తెలిసిన వెంటనే పాత మెసేజ్, చేరిన రోజు వీడియో కొత్త ఓనర్‌కి పంపి, డిపాజిట్ ఎవరు తిరిగిస్తారో కూడా అదే మెసేజ్‌లో అడగండి.

వార్డ్‌రోబ్ ఇక్కడే వదిలేస్తే ఓనర్ డబ్బులిస్తారా?

ఇవ్వాలన్న నియమం లేదు. ముందుగా మాట్లాడుకోకపోతే సాధారణంగా ఇవ్వరు. నోటీసు ఇచ్చిన రోజే ఓనర్‌ని, తర్వాత ఇల్లు చూడడానికి వచ్చేవాళ్ళని కూడా అడగండి, కొత్తగా చేరేవాళ్ళే కొనుక్కోవడం తరచూ జరుగుతుంది. అప్పుడు "వార్డ్‌రోబ్ తీసి గోడ బాగుచేసే బాధ్యత ఇక నాది కాదు" అని ఓనర్ దగ్గర రాత తీసుకోండి.

అన్నీ చేసి ఇచ్చినా డిపాజిట్‌లో ఎక్కువ కోశారు. ఏం చేయాలి?

ఖాళీ చేయడానికి వారం ముందే ఓనర్‌ని పిలిచి, గది గది తిప్పి చూపించి, ఏం చేయాలో అప్పుడే చెప్పమనండి. ఆయన చెప్పినవి మెసేజ్‌లో రాసి పంపండి. పని అయ్యాక మళ్ళీ వీడియో తీసి, పెయింటర్‌కి ఇచ్చిన డబ్బు రసీదు ఉంచుకోండి. తాళాలు, మిగిలిన డిపాజిట్ ఒకే రోజు చేతులు మారేలా చూసుకోవాలి.

అయినా కోస్తే, ఏ పనికి ఎంతో విడివిడిగా రాసివ్వమని అడగండి. కిటికీ పక్క రంగు వెలవడం, తలుపు పిడి దగ్గర మరకలు వాడకం వల్ల వచ్చే అరుగుదల కిందికే వస్తాయి, పెయింటింగ్ కోత ఇచ్చాక వాటికి వేరే లెక్క కట్టకూడదని చెప్పండి. పర్మిషన్ మెసేజ్‌లో రాసుకున్న హద్దు చూపించండి. చాలాసార్లు ఆ ఎక్కువ కోత ఇంతటితోనే వెనక్కి వస్తుంది. రాకపోతే లాయర్ ద్వారా నోటీసు పంపించండి, దాంతోపాటు చేరినప్పటి వీడియో, అనుమతి మెసేజ్, వెళ్ళేటప్పటి వీడియో, రసీదు ఆ వరుసలోనే జతచేయండి.